చచ్చినవి ఒక లెక్క, అంటు పట్టనివి ఇంకో లెక్క

మొన్న మా ఊళ్లో కొత్తగా నర్సరీ పెట్టిన తమ్ముడొకడు తన స్టాకు రిజిస్టరు తెచ్చి చూపించాడు. రకం, కవరు సైజు, వయసు, అమ్మకం ధర అన్నీ నీట్‌గా రాశాడు. చివర్లో 'నష్టం' అని ఒకటే గడి. బంగినపల్లి అంట్లు వెయ్యి కట్టాడు, నష్టం 250.

"ఈ 250 మొక్కలూ చచ్చాయా?" అని అడిగా.

"లేదన్నా, చాలావాటికి పుల్ల మాడిపోయింది. కింద మొక్క బాగానే ఉంది. మళ్లీ కడదామని మూలన పెట్టా" అన్నాడు.

అదీ అసలు సమస్య. అంటు కట్టాక పుల్ల నల్లబడి ఎండిపోతే అంటు పట్టనట్టు. కింద టెంక మొక్క బెరడు గోటితో గీరి చూడండి. పచ్చగా ఉంటే అది బతికే ఉంది, మళ్లీ అంటు కట్టొచ్చు. గోధుమ రంగులో ఎండి ఉంటే అదే అసలు నష్టం. వాడి మూలన చూస్తే 150 పచ్చగా ఉన్నాయి, 100 నిజంగా పోయాయి.

రెండూ ఒకే గడిలో రాస్తే ఏమవుతుంది? ఒక్కో అంటుకి 30 రూపాయలు ఖర్చయింది, 45కి అమ్ముతున్నా, 15 మిగులుతుందని వాడి లెక్క. కానీ వెయ్యి మొక్కల ఖర్చు 30 వేలూ అమ్మకానికి మిగిలిన 750 మీదే పడితే ఒక్కోటి 40 పడుద్ది. మిగిలేది 5. పోనీ అదైనా నిజమా అంటే కాదు. ఆ 150 టెంక మొక్కల విలువ ఇందులోంచి తీసి తర్వాతి బ్యాచిలో వెయ్యాలి. లేకపోతే ఈ బ్యాచి ఉన్నదానికంటే దండగగా, వచ్చే బ్యాచి ఉన్నదానికంటే లాభంగా కనపడుద్ది.

డబ్బు సంగతి అటుంచండి. నాకు భయం ఇంకోటి. రిజిస్టర్లో లేని ఆ మొక్కలకి అంటు కిందనుంచి చిగురు వచ్చేస్తుంది. రెండు నెలలు పోతే చూడ్డానికి అంటు మొక్కలాగే ఉంటది. తెలియని కూలీ తెచ్చి బంగినపల్లి వరసలో కలిపేస్తే అయిపోయింది. కొన్న రైతు ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచాక కాపులో తెలుస్తుంది, అది బంగినపల్లి కాదని. అప్పుడు మనం డబ్బు తిరిగిచ్చినా ఆ ఏళ్లు ఎవరిస్తారు?

అందుకే నా మాట: నష్టం గడిని రెండు చెయ్యండి. 'చచ్చినవి' తేదీతో రాయండి. 'అంటు పట్టనివి' వేరే రాసి, ఆ రోజే రకం పేరు కొట్టేసి టెంక మొక్కల పేజీలోకి మార్చండి. కవరు మీద పెయింటు చుక్క పెట్టండి. మళ్లీ కట్టినప్పుడు కొత్త తేదీ వెయ్యండి, అంటు వయసు ఆ రోజు నుంచే.

ఏడాది చివర్న వచ్చిన తేడానంతా నష్టంలో తోసేసేది రిజిస్టరు కాదు, అంచనా. మీ నర్సరీల్లో ఎలా రాస్తున్నారో కామెంట్లో చెప్పండి.