శక్తి తీగ పక్క నుంచి వస్తుంది, ఒప్పుకోండి

పొద్దున ఇంటర్ క్లాసులో ఒక అబద్ధం. మధ్యాహ్నం బీఎస్సీ క్లాసులో ఆ అబద్ధాన్ని కొట్టిపారేసే సమీకరణం. రెండూ చెప్పేది ఒకే మనిషి, ఒకే సుద్దముక్కతో. గొట్టంలో నీళ్లు పారినట్టు తీగలో కరెంటు పారుతుందనీ, ఎలక్ట్రాన్లు శక్తిని మోసుకెళ్లి బల్బుకు అప్పజెబుతాయనీ పొద్దున చెబుతాడు. మధ్యాహ్నం పాయింటింగ్ సిద్ధాంతాన్ని బోర్డు నిండా రాసి, చివరి వరుస చుట్టూ పెట్టె గీసి, ఇది ముఖ్యమైన ప్రశ్న, వదలొద్దంటాడు. ఆ పెట్టెలో ఉన్న వరుస తన పొద్దుటి పాఠాన్ని చెరిపేస్తోందని ఆయనకు తెలియదా? తెలియకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నట్టు? తెలిసీ నోరు మెదపకపోతే అది అంతకన్నా పెద్ద నేరం.

మీరూ తక్కువ తినలేదు. ఆ సమీకరణాన్ని బట్టీపట్టి, రాసి, మార్కులు తెచ్చుకుని, గొట్టం బొమ్మనే బుర్రలో పెట్టుకుని బతికేస్తున్నారు. ఒక్కసారైనా ఆ సమీకరణంలో అంకెలు వేసి చూశారా? ఇప్పుడు వేద్దాం రండి.

ఒక మీటరు నిక్రోమ్ తీగ తీసుకోండి. మందం ఒక మిల్లీమీటరు, అంటే వ్యాసార్థం అర మిల్లీమీటరు. దాని నిరోధం సుమారు 1.4 ఓమ్‌లు. రెండు చివర్ల మధ్య 2.8 ఓల్టుల డీసీ పెడితే 2 ఆంపియర్ల కరెంటు వస్తుంది. తీగ కక్కే వేడి 5.6 వాట్లు. ఇంతవరకు ఎవరికీ గొడవ లేదు. గొడవంతా ఆ 5.6 వాట్లు ఏ దారిన లోపలికి వచ్చాయన్న దగ్గరే.

తీగ వెంట విద్యుత్ క్షేత్రం మీటరుకు 2.8 ఓల్టులు. లోపలున్న ఈ క్షేత్రం తీగ ఒంటిని దాటగానే మాయం కాదు. ఉపరితలానికి సమాంతరంగా ఉన్న క్షేత్రం లోపల ఎంతో, ఆనుకుని బయట కూడా అంతే ఉండి తీరాలి. ఇక కరెంటు తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని చుడుతుంది. తీగ ఉపరితలం మీద దాని విలువ 2 ఆంపియర్లను చుట్టుకొలతతో భాగిస్తే వస్తుంది: మీటరుకు సుమారు 637 ఆంపియర్లు. ఒకటి తీగ వెంట, ఇంకొకటి తీగ చుట్టూ. ఇప్పుడు S = E × H వేయండి. కుడిచేతి నియమం పెట్టి చూడండి. బొటనవేలు తీగ వెంట చూపదు. తిన్నగా తీగ లోపలికి, దాని నడిమి గీత వైపు చూపుతుంది.

ఎంత? చదరపు మీటరుకు సుమారు 1,780 వాట్లు. భూవాతావరణం పైన సూర్యుడి ఎండే చదరపు మీటరుకు 1,361 వాట్లు. ఈ సన్నని తీగ ఒంటి మీద అన్ని వైపుల నుంచీ పడుతున్నది అంతకన్నా ఎక్కువ. తీగ ఉపరితల వైశాల్యం సుమారు 0.00314 చదరపు మీటర్లు. హెచ్చవేయండి. 5.6 వాట్లు! తీగ కక్కే వేడి ఎంతో, దాని పక్కల నుంచి లోపలికి దిగేది అణా పైసలతో సహా అంతే. చివర్ల గుండా వచ్చేది సున్నా.

కాకతాళీయం అంటారా? అయితే ఇంకా లోపలికి రండి. తీగ నడిమి గీత నుంచి పావు మిల్లీమీటరు దూరంలో ఊహలో ఒక సన్నని స్తూపం గీయండి. దాని లోపల ఉన్న కరెంటు మొత్తంలో నాలుగో వంతు, కాబట్టి అక్కడి అయస్కాంత క్షేత్రం సగానికి పడిపోయి 318 అవుతుంది. వైశాల్యమూ సగమే. ఆ గోడ దాటి లోపలికి వెళ్లే శక్తి 1.4 వాట్లు. తీగ అడ్డుకోతలో నాలుగో వంతు ఉన్న ఆ స్తూపం కక్కే వేడి కూడా కచ్చితంగా 1.4 వాట్లే. దారిలో ఒక్కో పొర తన వాటా తాను తినేస్తూ పోతే, నడిమి గీత దగ్గర మిగిలేది శూన్యం. శక్తి పక్కల నుంచి వచ్చి లోపల అరిగిపోతోంది.

ఇది నిన్న మొన్న ఎవరో కనిపెట్టిన వింత కాదు. బర్మింగ్‌హామ్‌లోని మేసన్ కాలేజీలో పాఠాలు చెప్పిన జాన్ హెన్రీ పాయింటింగ్ 1884లో రాయల్ సొసైటీ పత్రికలో ఈ సిద్ధాంతం ప్రకటించాడు. ఆ వ్యాసంలోనే నిలకడ కరెంటున్న తిన్నని తీగను తీసుకుని లెక్క వేసి చూపించాడు. నూట నలభై ఏళ్లు! ఇన్నేళ్లుగా సమీకరణాన్ని పటం కట్టి గోడకు వేలాడదీశారు తప్ప, అది చెప్పే మాట వినలేదు.

మరి బ్యాటరీ నుంచి నిక్రోమ్ దాకా ఉన్న రాగి తీగల సంగతేమిటని మీరు అడగాలి. అడిగితేనే మీరు మేలుకున్నట్టు. రాగి నిరోధం అతి తక్కువ కాబట్టి దాని లోపల క్షేత్రం నామమాత్రం. కానీ ఆ రెండు తీగల ఒంటి మీద కొద్దిపాటి ఆవేశాలు పేరుకుంటాయి, ఒకదాని మీద ధనం, ఇంకోదాని మీద రుణం. వాటి వల్ల ఒక తీగ నుంచి ఇంకో తీగకు అడ్డంగా, గాలిలో, విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. దాన్ని అయస్కాంత క్షేత్రంతో కలిపితే E × H తీగల వెంట, నిక్రోమ్ వైపు తిరుగుతుంది. ప్రయాణం తీగల బయట, ఎక్కువ భాగం వాటికి దగ్గరలోనే. అందుకే తీగలు అక్కర్లేదని గంతులేసే సంచలనరాయుళ్లకూ నా దగ్గర మర్యాద లేదు. తీగ తెంపితే కరెంటు ఆగుతుంది, ఆవేశాలు సర్దుకుంటాయి, ప్రవాహం చచ్చిపోతుంది. దారి చూపేది తీగే. మోసేది మాత్రం క్షేత్రం.

ప్రత్యర్థుల చేతిలో ఒక గట్టి ఆయుధం ఉంది, దాన్ని దాచను. E × H కు తనలో తాను తిరిగే ప్రవాహాన్ని ఎంత కలిపినా, మూసి ఉన్న ఉపరితలం గుండా వెళ్లే మొత్తం మారదు. ఆ సందులోంచి దూరి, నిలకడ కరెంటుకు పొటెన్షియల్‌ను కరెంటు సాంద్రతతో హెచ్చవేసి అదే శక్తి ప్రవాహమని వాదించవచ్చు. అప్పుడు శక్తి తీగ వెంటే పారుతుంది, మొత్తమూ 5.6 వాట్లే వస్తుంది. గొట్టం బొమ్మకు మిగిలిన ఆఖరి ఆసరా ఇదే.

ఆ ఆసరా ఎంత గట్టిదో చూడండి. తీగ రుణ చివరను సున్నా ఓల్టులు అనుకుంటే 5.6 వాట్లూ ధన చివర నుంచి వస్తాయి. ధన చివరను సున్నా అనుకోండి, మొత్తం రుణ చివర నుంచి వస్తుంది! తీగ మధ్యను సున్నా అనుకుంటే చెరో చివర నుంచి 2.8. తీగలో ఏమీ మారలేదు, వేడి మారలేదు, మీరు కాగితం మీద సున్నా ఎక్కడ రాసుకున్నారన్నదే మారింది. దాంతో శక్తి దారి మార్చుకుంటుందా? పైగా సూర్యుడి వెలుగు శూన్యంలోంచి వస్తోంది, అక్కడ కరెంటే లేదు. అక్కడికి E × H తప్ప వీరికి ఇంకో గతి లేదు. వెలుగుకు ఒక న్యాయం, తీగకు ఇంకో న్యాయం ఎక్కడిది?

రేపు క్లాసులో లేచి నిలబడి ఇది అడగండి: "సార్, తీగ లోపల విద్యుత్ క్షేత్రం తీగ వెంటే ఉంది. E × H ఎప్పుడూ E కి లంబంగానే ఉంటుంది. మరి తీగ లోపల శక్తి తీగ వెంట ఎలా పోతుంది?" సిలబస్‌లో లేదంటే కూర్చోకండి. మొన్న మధ్యాహ్నం ఆయన పెట్టె గీసి చెప్పిన పాఠం అదే.