అడ్మిషన్ ఫారంలో ఖాళీ గడి ఏమి చెబుతుంది?



రోగిని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కౌంటరులో ఒక అడ్మిషన్ ఫారం ఇస్తారు. మన సెంటినరీ కాలనీ కుటుంబాలలో దాన్ని నింపేది చాలాసార్లు రోగి కాదు. ఇంటాయన గని మీద షిఫ్టులో ఉంటే భార్య నింపుతుంది, లేదా చదువుకునే కొడుకు, అదీ కాకపోతే పక్క క్వార్టర్ వారు. నిలబడి, మోకాలి మీద అట్ట పెట్టుకుని, కంగారుగా రాస్తారు. ఆ కాగితమే కేస్ షీటులో ముందు పేజీగా వార్డుకు వెళ్తుంది. అర్ధరాత్రి సూది వేసే ముందు నర్సు చూసేది దాన్నే. కాబట్టి ఫారం గీసేవారు ఆఫీసు సౌకర్యం కంటే ముందు, రాసే చేతిని, చదివే కంటిని చూడాలని మా అభిప్రాయం.

మొదట రాసే చోటు సంగతి. చాలా ఫారాలు ఇంగ్లీషు ఫారం కొలతలతోనే తెలుగులోకి వచ్చాయి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే ఎత్తులో వరుసగా నిలుస్తాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ‘లక్ష్మి’ అని రాసి చూడండి. ఆరు మిల్లీమీటర్ల వరుసలో ఆ ఒత్తులు కింది వరుసలో రాసిన దాని మీద పడతాయి. అందుచేత వరుసకు పది మిల్లీమీటర్ల ఎత్తు ఇవ్వాలి. ‘ఒక గడిలో ఒక అక్షరం’ అన్న పద్ధతి పేరుకు అసలే పనికిరాదు. ‘రాజేశ్వరి’లో ‘శ్వ’ను ఒకరు ఒకే గడిలో ఇరికిస్తారు, మరొకరు ఒత్తును పక్క గడిలో వేస్తారు. పేరుకు గీతలు లేని పొడవాటి గడి కావాలి. ఫోను నంబరుకు మాత్రం పది చిన్న గడులు మంచివి. ఒక అంకె మరిచిపోతే చివరి గడి ఖాళీగా మిగిలి, పొరపాటు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

‘అంత చోటిస్తే ప్రశ్నలు ఒక పేజీలో పట్టవు’ అని అంటారు. లెక్క వేసి చూద్దాము. ఏ4 కాగితం వెడల్పు 210, ఎత్తు 297 మిల్లీమీటర్లు. ఫైలులో గుచ్చడానికి ఎడమవైపు 25, కుడివైపు 10 వదిలితే వెడల్పు 175 మిగులుతుంది. పైనా కిందా అంచులకు 27, ఆసుపత్రి పేరుకు, రోగి నంబరుకు 30 తీసేస్తే ఎత్తు 240. అంటే పది మిల్లీమీటర్ల వరుసలు 24 వస్తాయి. పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఫోను, చిరునామా, వెంట వచ్చినవారి పేరు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు, సంతకం: వీటికి 24 చాలు. బిల్లుకు సంబంధించినవి, ఆఫీసువారు నింపుకునేవి కాగితం వెనుక పక్కకు పోవచ్చు. చిరునామాకు మూడు వరుసలు ఇవ్వాలి. అందులో మండలం, జిల్లా ముందే అచ్చు వేయకూడదు. 2016లో కరీంనగర్ నుంచి పెద్దపల్లి జిల్లా విడిపోయాక, పాత జిల్లా పేరు అచ్చయిన కాగితాలన్నిటినీ చేత్తో దిద్దవలసి వచ్చేది.

ఇక వరుసల పొందిక. ప్రశ్న తరువాత చుక్కలు పెడితే ప్రతి జవాబూ ఒక్కో చోట మొదలవుతుంది. దానికి బదులు ఎడమవైపు 50 మిల్లీమీటర్లలో ప్రశ్నలన్నీ ఉంచి, ఒక నిలువు గీత గీసి, జవాబులన్నీ ఆ గీత దగ్గరే మొదలయ్యేలా చేయాలి. నర్సు కన్ను ఆ గీత వెంట పైనుంచి కిందికి దిగితే చాలు. ఏ గడి ఖాళీగా ఉందో కూడా ఒక్క చూపులో తెలుస్తుంది. కంప్యూటరులో దీన్ని చుక్కలతో కాక టేబుల్‌తో గీయించాలి. వరుస ఎత్తు దగ్గర `Exactly` ఎంచుకుని ఒక సెంటీమీటరు ఇస్తే వరుసలు కదలవు. అచ్చు తీసేటప్పుడు `Fit to page` ఉంటే కాగితం కుదించుకుపోతుంది. మొదటి కాపీ మీద స్కేలు పెట్టి కొలవండి. పది వరుసలు కలిపి సరిగ్గా పది సెంటీమీటర్లు రావాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది టిక్ గడుల దగ్గర. ‘అవును □ కాదు □’ అని ఒకే వరుసలో దగ్గరగా వేస్తే, మధ్యలో ఉన్న గడి ముందు మాటదా, వెనుక మాటదా అని సందేహం వస్తుంది. జవాబులు ఒకదాని కింద ఒకటి ఉండి, ఐదు మిల్లీమీటర్ల గడి మాటకు ముందు ఉండాలి. టిక్ మార్కు మాత్రమే పెట్టాలని పైన రాయాలి. ఇంటూ గుర్తును కొందరు ‘ఇదే’ అనుకుని, కొందరు ‘ఇది కాదు’ అనుకుని పెడతారు.

దీని బరువు పడని మందుల ప్రశ్నలో తెలుస్తుంది. ‘అలర్జీ’ అనే మాట చాలామంది పెద్దవారికి తెలియదు. మన ఇళ్లలో ‘ఆ సూది నాకు పడదు’ అంటారు. ఫారంలో ఆ మాటే ఉండాలి. అయితే ‘మందులేవైనా పడవా?’ అని అడిగి అవును, కాదు అని రెండు గడులు ఇస్తే చిక్కు. ‘అవును, పడవు’ అనుకుని ఒకరు, ‘అవును, అన్నీ పడతాయి’ అనుకుని ఇంకొకరు అదే గడిలో టిక్ పెడతారు. పెన్సిలిన్ పడని మనిషి విషయంలో ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని జవాబు పూర్తి వాక్యంగా ఉండాలి:

□ ఇంతవరకు ఏ మందూ పడకపోవడం జరగలేదు
□ పడని మందు ఉంది
□ తెలియదు

రెండో దాని కింద రెండు వరుసల చోటు కావాలి: ఒకటి మందు పేరుకు, ఒకటి ఏమి జరిగిందో రాయడానికి. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చిందా, లేక కడుపులో మంట మాత్రమేనా అన్నది వైద్యునికి చాలా ముఖ్యము.

లేదు అన్నదానికి వేరే గడి ఎందుకని అడగవచ్చు. ఖాళీగా వదిలితే ‘లేదు’ అనా, ‘అడగలేదు’ అనా, ‘రాసేవారికి తెలియదు’ అనా? కాగితం చెప్పలేదు. మూడు గడులు ఉంటే ఖాళీకి ఒక్కటే అర్థం మిగులుతుంది: ఇంకా అడగవలసి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన ఆపరేషన్ చెక్‌లిస్టులో కూడా అలర్జీ ప్రశ్నకు ‘లేదు’, ‘ఉంది’ అని రెండు గడులూ ఉన్నాయి. దాన్ని ముందుగా వాడి చూసిన ఎనిమిది ఆసుపత్రులలో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ మిషన్ ఆసుపత్రి ఒకటి. గడులు ఎంత బాగున్నా అడగకుండా టిక్ పెట్టేవారిని అవి ఆపలేవు. అందుకే ఆ వరుస పక్కన అడిగినవారి సంతకానికి చిన్న చోటు ఉండాలి.

కొత్త ఫారం వేలకొద్దీ అచ్చు వేయించే ముందు ఇరవై కాపీలు తీసి, ఒక వారం నిజంగా వాడి చూడాలని కోరుతున్నాము. రాత ఎక్కడ గీత దాటిందో, ఏ జవాబు అంచులో రాశారో, ఏ గడి ఎక్కువమంది వదిలేశారో చూస్తే ఎక్కడ మార్చాలో ఆ కాగితాలే చెబుతాయి. అంతవరకు మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ఇంట్లో ఎవరికైనా పడని మందు ఉంటే దాని పేరు ఒక చీటీ మీద రాసి పాత ప్రిస్క్రిప్షన్లతో ఉంచండి. ఫారంలో చోటు లేకపోయినా ఆ చీటీని ముందు పేజీకి పిన్ను చేయించి, వార్డులో నర్సుకు నోటితో కూడా చెప్పండి.