ప్రిన్సిపాల్ మేడమ్‌కి రాసిన ఉత్తరం

పిల్లల ఆటల గురించి స్కూలుకి ఉత్తరం రాద్దామని మా వీధిలో అమ్మలం అనుకున్నప్పుడు, తెలుగు బీఏ చదివానని కలం నా చేతిలో పెట్టారు. "ఆటలు ఆరోగ్యానికి మంచివి అని మొదలుపెట్టు వదినా" అంది ఎదురింటామె. నాకెందుకో అది నచ్చలేదు. ఆ సంగతి ప్రిన్సిపాల్ మేడమ్‌కి తెలియదా? ఆవిడకి కావలసింది నీతి వాక్యం కాదు, ఎన్ని నిమిషాలు కావాలి, అవి ఎక్కడినుంచి తియ్యాలి అన్నది.

అందుకే ముందు మా పాప టైంటేబుల్ ముందేసుకుని కూర్చున్నాను. తొమ్మిదో తరగతి. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు, ఒక్కోటి నలభై నిమిషాలు. రెండో అంతస్తు నుంచి లైనుగా దిగి, హాజరు చెప్పేసరికి పది నిమిషాలు. చివర నీళ్లు తాగి పైకెక్కడానికి ఇంకో అయిదు. మిగిలేది ఇరవై అయిదు. రెండు పీరియడ్లూ కలిపితే వారానికి యాభై నిమిషాలు, అదీ లెక్కల సార్ సిలబస్ మిగిలిందని ఒకటి లాక్కోకపోతే.

ఆ ఇరవై అయిదు నిమిషాలైనా ఆడతారా? ఖోఖో సంగతే చూడండి. కోర్టులో కూర్చున్నవాళ్లు ఎనిమిది మంది, తరిమేది ఒకరు. తప్పించుకునేవాళ్లు ఒక విడతకి ముగ్గురే, వాళ్ల జట్టులో మిగతావాళ్లు గీత బయట ఎదురుచూస్తారు. అంటే ఏ క్షణంలో చూసినా పరిగెత్తేది నలుగురు. నలభై మంది క్లాసులో ఒకే కోర్టు గీస్తే మిగతా ముప్పై ఆరుగురు ఎండలో ప్రేక్షకులు. ఖోఖో గొప్ప ఆటే, నేనూ ఆడినదాన్నే. కానీ వ్యాయామం లెక్కకి ఒక్క కోర్టు చాలదు.

అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకి అరవై నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారానికి ఏడు గంటలు. ఇంటి దగ్గర ఆడించుకోవచ్చు కదా అంటారు. మా తీరప్రాంతపు ఊళ్ల నుంచి బస్సు ఏడుంపావుకే బయల్దేరుతుంది, తిరిగొచ్చేసరికి అయిదున్నర, ఆపైన ట్యూషన్. మగపిల్లలు ఎలాగో ఓ అరగంట బ్యాటు పట్టుకుపోతారు. పద్నాలుగేళ్ల ఆడపిల్లని చీకటి పడ్డాక వీధిలోకి ఎవరం పంపుతాం? ఇంట్లో పనిచేస్తోందిగా అనే అత్తగారికి నా దగ్గర జవాబు లేదు, నవ్వి ఊరుకుంటాను.

మాది సీబీఎస్ఈ స్కూలు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు రోజుకో పీరియడ్ ఆరోగ్య, వ్యాయామ విద్యకి ఇవ్వాలని ఆ బోర్డే 2018లో చెప్పింది. పీఈటీయే ఉండాలని లేదు, వేరే టీచర్లు కూడా చూసుకోవచ్చు. ఈ మాట ఉత్తరంలో రాశాను గానీ మొదట్లో కాదు, మధ్యలో. మొదట్లోనే రూల్సు చూపిస్తే ఎదుటివాళ్లకి చదవబుద్ధి కాదు.

అసలు అడిగింది ఇది:

"మేడమ్ గారికి నమస్కారం. బస్సులు ఎనిమిదికే వస్తున్నాయి, ప్రార్థన ఎనిమిదిన్నరకి. ఆ అరగంట పిల్లలు క్లాసులో కూర్చుని ఉంటున్నారు. దాన్ని ఆటకి ఇవ్వమని మనవి. ఒక్క పీరియడ్ కూడా పోదు. పొద్దున బిల్డింగ్ నీడ పడమటి వైపు పడుతుంది కనుక పిల్లల్ని అటువైపు ఆడించవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి గ్రౌండ్ పనికిరాదు. అప్పుడు వరండాల్లో తాడాట, తొక్కుడుబిళ్ల చాలు. ఆడపిల్లలకి రోజూ ట్రాక్ ప్యాంటు, బూట్లు వేసుకోనివ్వండి. చున్నీతో ఎవరూ పరిగెత్తలేరు. తాళ్లు మేం కొనిస్తాం."

తాడాట ఎందుకు రాశానంటే, దానిలో ఎవరి తాడు వాళ్లదే. వంతు కోసం ఆగడం లేదు. బొద్దుగా ఉన్న పిల్లని ఏ జట్టూ వద్దనడం లేదు.

పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. ఇద్దరు పెట్టలేదు, ఒకావిడ చెమటపట్టి క్లాసులో కూర్చుంటే జలుబు చేస్తుందంది, ఇంకొకావిడ పదో తరగతికి అరగంట చదువు పోతుందంది. రెండో మాట కొట్టిపారేసేది కాదు. అందుకే పదో తరగతికి జనవరి నుంచి పదిహేను నిమిషాలే అడిగాం.

మేడమ్ ఉత్తరం పూర్తిగా చదివి రెండే ప్రశ్నలు అడిగారట: ఎవరైనా పడితే బాధ్యత ఎవరిది, ఆలస్యంగా వచ్చే బస్సు పిల్లల సంగతేమిటి. మొదటిదానికి, అప్పటికే గేటు దగ్గర డ్యూటీలో ఉండే ఇద్దరు టీచర్లు చాలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె బయటికి తెప్పించండి అన్నాం. రెండోదానికి మాకూ దారి దొరకలేదు. చివరి బస్సు మా ఊరిదే. మా పాపకి ఆ అరగంటలో పది నిమిషాలే దక్కుతాయి. ఆరు నుంచి తొమ్మిది తరగతులకి ఒక నెల చూద్దామన్నారు మేడమ్. తాళ్లు నలభై కొన్నాం.