ఒక్క అంకె తప్పుకు పదహారు రెట్ల బిల్లు

కరెంటు బిల్లు తప్పుగా వచ్చిందని సెక్షను ఆఫీసుకు వెళ్లిన రైతుకు రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ‘ముందు కట్టేయండి, వచ్చే నెలల్లో సర్దుబాటు అయిపోతుంది’ అనేది ఒకటి. ‘అనుమానముంటే మీటరు టెస్టుకు ఫీజు కట్టండి’ అనేది రెండోది. పైగా ‘మీకు బోరుకు ఉచితంగానే ఇస్తున్నాం కదా’ అనే దెప్పిపొడుపు ఒకటి. బోరు సర్వీసు వేరు, ఇంటి సర్వీసు వేరు. ఇంటి మీటరుకు మనం యూనిట్ల లెక్కన డబ్బు కడుతున్నాం. కట్టే ప్రతి రూపాయికీ లెక్క అడిగే హక్కు మనకుంది.

మా సభ్యుడొకాయనకు వచ్చిన బిల్లు చూడండి. ఇంట్లో నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్. నెలకు తొంభై, వంద యూనిట్ల మధ్య కాలుతుంది. కిందటి నెల రీడింగు 4218. ఈ నెల మీటరులో ఉన్నది 4312. అంటే 94 యూనిట్లు. బిల్లు మీద మాత్రం 4812 అని పడింది. 3 కాస్తా 8 అయింది. వాడకం 594 యూనిట్లకు ఎక్కింది.

ఇలా ఎందుకు జరుగుతుందో మీటరు చూసినవాళ్లకు తెలుసు. రీడింగు నేరుగా బిల్లింగు మిషన్‌లోకి వచ్చే ఏర్పాటు కొన్ని మీటర్లకు ఉంది. అది లేనిచోట, పనిచేయనిచోట రీడరు చూసి చేత్తో కొట్టాలి. గాజు మసకబారి ఉంటుంది, ఎండ పడుతుంటుంది, 3కూ 8కీ తేడా రెండు చిన్న గీతలే. కొందరికి దశాంశ బిందువు తర్వాతి అంకె కూడా కలిసిపోయి రీడింగు పదింతలవుతుంది. రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తి చేయాలని పరుగులు పెట్టించే కాంట్రాక్టు పద్ధతిలో రీడరు కన్ను తప్పడం వింత కాదు. మా తగువు ఆ కుర్రవాడితో కాదు. తప్పు తేలాక కూడా దిద్దకుండా రైతు చేత కట్టించే ఆఫీసుతో.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్ 2022-23 టారిఫ్ ఆర్డరు ప్రకారం ఇంటి సర్వీసుకు మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. ఈ రేట్లతో 94 యూనిట్లకు కరెంటు ఛార్జీ రూ.277.50. అదే 594 యూనిట్లకు రూ.4,439.75. యూనిట్లు ఆరు రెట్లు పెరిగితే డబ్బు పదహారు రెట్లు పెరిగింది. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు, సుంకం ఇందులో కలపలేదు.

‘ముందు కట్టేయండి’ అనే సలహాలోని మోసం ఇక్కడే ఉంది. వాళ్లు చెప్పే సర్దుబాటు ఏమిటంటే, మీటరు నిజంగా 4812 దాటేదాకా మీకు యూనిట్ల బిల్లు పడదు. దాదాపు ఐదు నెలలు ఊరట దొరికినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 594 యూనిట్లను ఆయన ఆరు నెలల్లో, నెలకు 99 చొప్పున కాల్చుకుంటే కట్టవలసింది నెలకు రూ.300, మొత్తం రూ.1,800. ఒకే నెలలో కాల్చినట్టు చూపి వసూలు చేసింది రూ.4,439.75. తేడా రూ.2,639.75 ఎవరి జేబులోకి పోయింది? యూనిట్లు సర్దుకున్నాయి, శ్లాబు మాత్రం సర్దుకోలేదు. కాబట్టి మనం అడగవలసింది సర్దుబాటు కాదు. తప్పు రీడింగును రద్దు చేసి, అసలు రీడింగు మీద అదే నెల బిల్లును మళ్లీ వేయించుకోవాలి.

నెలల తరబడి రీడరు రాకుండా, ‘డోర్ లాక్’ అని రాసి, ఒక్కసారిగా వేసే బిల్లుకూ ఇదే లెక్క. ఆ యూనిట్లను నెలలకు పంచి, ఏ నెలకు ఆ నెల శ్లాబు వర్తింపజేయమని అడగాలి. తెలంగాణలో గృహజ్యోతి కింద ఉన్న కుటుంబానికైతే దెబ్బ ఇంకా పెద్దది. 200 యూనిట్లు దాటినట్టు రీడింగు పడితే సున్నా బిల్లు పోయి, మొత్తం బిల్లు మీద పడుతుంది.

రెండో జవాబు సంగతి. రీడింగు తప్పు వేరు, మీటరు తప్పు వేరు. మీటరులో కనిపించే అంకెకూ బిల్లు మీది అంకెకూ పొంతన లేకపోతే అది రీడింగు తప్పు. దానికి టెస్టు, ఫీజు అవసరం లేదు. మనిషి వచ్చి కళ్లతో చూస్తే చాలు. రెండు అంకెలూ కలిసి, వాడకం మాత్రం నమ్మలేనంత ఉంటే అప్పుడు మీటరును అనుమానించాలి. ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసి మీటరు మీది ఎర్ర లైటు చూడండి. అయినా మిణుకుతూనే ఉంటే మీటరైనా తప్పు, లేదా మీటరుకూ స్విచ్‌కూ మధ్య కరెంటు ఎటో పోతోంది. లైటు ఆగిపోతే స్విచ్ తర్వాతి వైరింగులో లీకేజీ ఉందేమో కూడా చూపించుకోవాలి. వాడకానికి రీడింగు పొంతన లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు పోల్చి చూడాలని విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ చెబుతోంది.

రీడింగు తప్పు పడిన రోజే చేయవలసిన పని ఒకటుంది. మీటరు నంబరు, అంకెలు రెండూ కనిపించేలా ఫోటో తీయండి. మర్నాడు, వారం తర్వాత కూడా తీయండి. 4812 అని బిల్లు పడిన వారం తర్వాత మీటరు 4334 చూపిస్తుంటే వాదన అక్కడితో ముగిసిపోతుంది. మీటరు వెనక్కి తిరగదు. ఆ ఫోటోలు, పాత ఆరు నెలల బిల్లులు జతచేసి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. సర్వీసు నంబరు, బిల్లు తేదీ, పడిన రీడింగు, అసలు రీడింగు రాసి, ‘మళ్లీ తనిఖీ చేసి, బిల్లు సవరించి, అదనంగా పడిన మొత్తం తీసివేయాలి’ అని స్పష్టంగా కోరండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 1912కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. నోటిమాటగా లైన్‌మన్‌కు చెప్పిన ఫిర్యాదుకు రికార్డు ఉండదు.

‘కట్టకపోతే ఫ్యూజు పీకేస్తాం’ అంటే భయపడకండి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం పదిహేను రోజులకు తగ్గకుండా రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా సరఫరా ఆపకూడదు. బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు ఛార్జీ గానీ, ఏది తక్కువైతే అది ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి కడితే వివాదం తేలేదాకా కనెక్షను తీయకూడదు. మా సభ్యుడి విషయంలో అది మూడు వందల దరిదాపుల్లోని మొత్తం. అసలేమీ కట్టకుండా ఊరుకుంటే మాత్రం ఈ రక్షణ ఉండదు. ఆఫీసులో న్యాయం జరగకపోతే అదే చట్టం కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

మా డిమాండ్లు ఇవీ. పాత వాడకానికి మూడింతలు దాటిన ఏ బిల్లునైనా మళ్లీ చూసి నిర్ధారించాకే ఇవ్వాలి. రీడింగు తప్పును సవరించేటప్పుడు యూనిట్లతోపాటు శ్లాబు కూడా సవరించాలి. చేత్తో కొట్టిన ప్రతి రీడింగుకూ మీటరు ఫోటో ఉండాలి. ఇలాంటి బిల్లు వచ్చిన సభ్యులు ఒంటరిగా ఆఫీసు చుట్టూ తిరగకుండా, కాగితాలతో గ్రామ కమిటీకి రండి. ఒక్కరు వెళితే సర్దుబాటు అంటారు. ఊరంతా బిల్లులు పట్టుకుని కూర్చుంటే లెక్క చెప్పక తప్పదు.