నైట్ ఆఫ్ సెలవు కాదు

సోమవారం పొద్దున 8 గంటలకు నైట్ డ్యూటీ దిగిన స్టాఫ్ నర్సు మంగళవారం పొద్దున 8 గంటలకు మళ్లీ వార్డులో ఉండాలి. డ్యూటీ చార్టులో ఆ సోమవారం ఎదురుగా ‘ఆఫ్’ అని రాసి, వారపు సెలవు ఇచ్చేశామంటే అది లెక్క కాదు, కనికట్టు.

ఆ సోమవారం ఎలా గడుస్తుందో చూడండి. వార్డు అప్పగించి బయటపడేసరికి తొమ్మిది. అనంతపురంలో బస్సెక్కి ధర్మవరంలోనో కళ్యాణదుర్గంలోనో ఇల్లు చేరేసరికి ఎండ ముదురుతుంది. మే నెలలో కాలిన మిద్దె కింద పట్టే నిద్ర ఎంత? సాయంత్రం వంట, పిల్లలు, మర్నాడు తెల్లవారుజామునే మళ్లీ బస్సు.

నర్సుల పనివేళలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే 157వ సిఫార్సు చేసింది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య కనీసం 12 గంటలు, వారానికొకసారి ఎడతెగని కనీసం 36 గంటల విశ్రాంతి ఉండాలంది. అది సిఫార్సే, చట్టం కాదు. అధికారులకు అదే సాకు. పై చార్టు ఇచ్చింది 24 గంటలు. మంగళవారం మధ్యాహ్నం 2 గంటల డ్యూటీ వేసినా 30 గంటలే. పొద్దుటి డ్యూటీకే రావాలంటే బుధవారం రావాలి.

‘మనుషులు లేరు’ అంటారు. నిజమే, దాన్నీ లెక్కేద్దాం. ఒక వార్డులో పొద్దున ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు ఆరేసి గంటలు, రాత్రి ఇద్దరు 12 గంటలు అనుకుందాం. రోజుకు 54, వారానికి 378 గంటల పని. ఎనిమిది మందే ఉంటే తలా 47 గంటలు దాటుతుంది, అదీ ఒక్కరికీ జ్వరం రాకుంటేనే. వారానికి 40 గంటలు చాలనుకుంటే పదిమంది కావాలి. సెలవుల కోసం భారత నర్సింగ్ మండలి చెప్పే 30 శాతం అదనంతో పదమూడు మంది. నియామకాలు జరపాల్సింది ప్రభుత్వం. ఆ లోటును నర్సుల నిద్రలోంచి పూడ్చడం అన్యాయం.

కానీ రాత్రుల పంపకానికి నియామకాలతో పనిలేదు. నాలుగు వారాలకు 56 రాత్రి వంతులు. ఎనిమిది మందికి తలా ఏడు. ఇద్దరిని సిఫార్సుతో తప్పిస్తే మిగతావాళ్లకు తొమ్మిదేసి దాటుతాయి. కాంట్రాక్టు నర్సులు నలుగురి మీదే తోసేస్తే పద్నాలుగేసి. గర్భిణులకు, జబ్బు చేసినవారికి మినహాయింపు ఉండాల్సిందే. అది కాగితం మీద, కారణంతో ఉండాలి. ఫోనులో కుదిరిన మినహాయింపు మరొకరి నెత్తిన పడ్డ రాత్రే.

ప్రతి ఆసుపత్రి సూపరింటెండెంటూ గత మూడు నెలల్లో ఎవరికి ఎన్ని రాత్రులు పడ్డాయో పేరుపేరునా నోటీసు బోర్డుపై పెట్టాలి. డ్యూటీ మార్పులు కూడా అందులో ఎక్కాలి. నైట్ దిగిన రోజును వారపు సెలవుగా చూపిన చార్టుపై సంతకం చేయకూడదు. చేస్తే సంజాయిషీ చెప్పాల్సింది హెడ్ నర్సు కాదు, సూపరింటెండెంటే.