చరిత్ర పరీక్షలో దిద్దుతున్నది చరిత్రనా, ఇంగ్లీషునా?

పదో తరగతి దాకా, చాలాసార్లు ఇంటర్ దాకా తెలుగులో చదివిన విద్యార్థి డిగ్రీలో చరిత్రను ఇంగ్లీషులో రాయాల్సి వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. తెలంగాణ నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు వెళ్లే దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థుల పరిస్థితీ ఇదే. ఇంగ్లీషు మనకు కావాలా వద్దా అన్న చర్చ వేరు. కావాలనే నేనూ అంటాను. ఇక్కడ అడుగుతున్నది చిన్న ప్రశ్న. ఆ విద్యార్థి చరిత్ర జవాబుకు పదికి మూడు మార్కులు వేసినప్పుడు, ఆ మూడు దేనికి కొలత? అతనికి చరిత్ర అర్థం కాలేదనా, ప్రశ్న అర్థం కాలేదనా? జవాబుపత్రం చూసి ఆ తేడా చెప్పలేకపోతే లోపం ప్రశ్నలో ఉంది.

పూనా ఒప్పందాన్నే తీసుకుందాం. ఆధునిక భారత చరిత్ర చదివేవారు దీన్ని దాటిపోలేరు. విద్యార్థికి తెలియాల్సిన విషయం పెద్దదేమీ కాదు. 1932 ఆగస్టు 16న బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు రాష్ట్ర శాసనసభల్లో 71 ప్రత్యేక స్థానాలు ఇచ్చింది. ఆ స్థానాల్లో ఓటు వేసేది ఆ వర్గాలవారే. దానితోపాటు సాధారణ స్థానాల్లోనూ వారికి ఓటు ఉంటుంది. అంటే రెండు ఓట్లు. దీనికి వ్యతిరేకంగా గాంధీ సెప్టెంబరు 20న ఎరవాడ జైలులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. సెప్టెంబరు 24న ఒప్పందం కుదిరింది. స్థానాలు 148కి పెరిగాయి. అయితే అణగారిన వర్గాల ఓటర్లు ముందుగా నలుగురిని ఎంపిక చేస్తే, ఆ నలుగురిలో గెలిచేదెవరో అన్ని కులాల ఓటర్లు కలిసి తేలుస్తారు. స్థానాల సంఖ్య రెట్టింపు దాటింది, గెలిపించే చెయ్యి మారింది. దీన్ని పట్టుకున్న విద్యార్థికి పూనా ఒప్పందం అర్థమైనట్టే.

ఇప్పుడు మన ప్రశ్నాపత్రాల ధోరణిలో రాసిన ఒక నమూనా ప్రశ్న చూడండి. 'రిజర్వు స్థానాల సంఖ్యాపరమైన ఆగ్మెంటేషన్ నాట్‌విత్‌స్టాండింగ్, కమ్యూనల్ అవార్డు డిప్రెస్డ్ క్లాసెస్‌కు ప్రసాదించజూసిన రాజకీయ అటానమీని పూనా ఒప్పందం విషియేట్ చేసిందని ఏ మేరకు వాదించవచ్చు?' ఇంగ్లీషులో ఇది ముప్ఫైకి పైగా మాటలున్న ఒకే వాక్యం. అసలు క్రియ చివరెక్కడో ఉంటుంది. మధ్యలో ఒక ఉపవాక్యం, దాని లోపల ఇంకొకటి. 'నాట్‌విత్‌స్టాండింగ్' అన్న మాటను 'నిలబడలేదు' అని చదువుకునే విద్యార్థి ఉంటాడు. అప్పుడు స్థానాలు పెరగలేదన్న అర్థం వచ్చి, ప్రశ్న తలకిందులవుతుంది. 'టు వాట్ ఎక్స్‌టెంట్' అంటే ఒక పక్షం తీసుకుని దాని హద్దులు చెప్పమని. అది అలవాటు లేని విద్యార్థి ఒప్పందం గురించి తనకు తెలిసిందంతా వరసగా రాసేస్తాడు. దిద్దేవారు 'ప్రశ్నకు జవాబు లేదు' అని రాసి మార్కులు కోస్తారు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ప్రశ్నలోని కఠినమైన మాటలన్నీ ఒకే రకం కావు. 'ఆగ్మెంటేషన్', 'నాట్‌విత్‌స్టాండింగ్', 'విషియేట్' ప్రశ్న రాసినవారి మాటలు. వాటిని తీసేస్తే చరిత్రకు వచ్చే నష్టమేమీ లేదు. 'డిప్రెస్డ్ క్లాసెస్', 'కమ్యూనల్ అవార్డు', 'సెపరేట్ ఎలక్టొరేట్', 'జాయింట్ ఎలక్టొరేట్' చరిత్ర మాటలు. వాటిని తీసేస్తే పరీక్షించడానికే ఏమీ మిగలదు. మొదటి రకాన్ని ప్రశ్నలోంచి తొలగించాలి. రెండో రకాన్ని తరగతిలో నేర్పాలి, పరీక్షలో అలాగే ఉంచాలి. సులభతరం చేయడమంటే అన్ని మాటలనూ చిన్నవి చేయడం అనుకున్నవారు ఈ రెండింటినీ కలిపేస్తారు.

నేర్పాల్సిన ఆ రెండో రకంలోనే ఉచ్చులున్నాయి. 'అవార్డు' అంటే విద్యార్థికి తెలిసిన అర్థం బహుమతి. ఇక్కడ అది మధ్యవర్తి ఇచ్చిన తీర్పు. 'డిప్రెస్డ్' అంటే దిగులుగా ఉన్నవారని అనుకునే ప్రమాదముంది. 'ఫాస్ట్' అంటే వేగం, ఉపవాసం రెండూ. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు తెలుగులోనే ఉంది. 'సెపరేట్ ఎలక్టొరేట్స్' అన్నదాన్ని మన పుస్తకాల్లో తరచుగా 'ప్రత్యేక నియోజకవర్గాలు' అని రాస్తారు. నియోజకవర్గమంటే తెలుగువారికి ఒక ప్రాంతం, ఒక సీటు. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం అందరికీ తెలిసినదే. కాబట్టి 'ప్రత్యేక నియోజకవర్గం' అనగానే విద్యార్థి ఈనాటి రిజర్వుడు సీటునే ఊహించుకుంటాడు. అవార్డు ఇచ్చినదీ ఒప్పందం ఇచ్చినదీ ఒకటే అనిపిస్తుంది. మరి పోరాటమంతా ఎందుకు జరిగిందో అంతుపట్టదు. ఎలక్టొరేట్ అంటే ఓటర్ల సమూహం. ఎవరు పోటీ చేస్తారన్నది ఒక ప్రశ్న, ఎవరు ఓటు వేస్తారన్నది ఇంకొకటి. 1932లో కొట్లాట రెండోదాని మీద.

ద్విభాషా ప్రశ్నాపత్రం ఇస్తే సమస్య తీరిపోతుందనుకునేవారు దీన్ని గమనించాలి. పక్కన అచ్చువేసిన తెలుగు అనువాదం ఒక్కోసారి ఇంగ్లీషుకన్నా ఎక్కువ దారి తప్పిస్తుంది. 'సంఖ్యాత్మక సంవర్ధనం', 'స్వయంప్రతిపత్తిని నిర్వీర్యమొనర్చినది' లాంటి మాటలు మన ఇళ్లలో వినబడే తెలుగు కావు. రెండు భాషల్లోనూ అతన్ని బయట నిలబెట్టే ప్రశ్న, ద్విభాషా ప్రశ్న అన్న పేరుతో చలామణి అవుతుంది.

ఆ ప్రశ్ననే తిరిగి రాద్దాం. ముందుగా రెండు వాక్యాల సమాచారం ఇవ్వాలి: 'కమ్యూనల్ అవార్డు డిప్రెస్డ్ క్లాసెస్‌కు 71 స్థానాలు ఇచ్చింది. పూనా ఒప్పందం 148 ఇచ్చింది.' తర్వాత అడగాలి. (అ) అవార్డు ప్రకారం ఈ స్థానాల్లో ఎవరు ఓటు వేస్తారు? ఒప్పందం ప్రకారం ఎవరు వేస్తారు? (ఆ) ఒప్పందం వల్ల డిప్రెస్డ్ క్లాసెస్‌కు వచ్చినదేమిటి, పోయినదేమిటి? (ఇ) మీ దృష్టిలో ఏది పెద్దది? రెండు కారణాలు చెప్పండి. ఇంగ్లీషులో ఆఖరిది 'విచ్ వాజ్ గ్రేటర్, ది గెయిన్ ఆర్ ది లాస్? గివ్ టూ రీజన్స్' అవుతుంది. ఒక్కో వాక్యంలో ఒక్కో పని. కర్త ముందు, క్రియ దగ్గరగా. ఎన్ని కారణాలు కావాలో, ఎన్ని మార్కులో పక్కనే.

ఇందులో ఏం సులువైంది? అంకెలు ఇచ్చేశాం, నిజమే. కానీ అంకెలు గుర్తుపెట్టుకోవడం ఈ ప్రశ్న అసలు లక్ష్యం కాదు. స్థానాలు పెరిగినా బలం ఎలా తగ్గవచ్చన్న ఆలోచన విద్యార్థే చేయాలి. పాత ప్రశ్న నిజానికి ఆ జవాబును తన లోపలే దాచుకుంది. ఒప్పందం దెబ్బతీసిందని అదే చెప్పేసి, ఎంత మేరకు అని మాత్రం అడిగింది. ఇంగ్లీషు బాగా వచ్చిన విద్యార్థి ప్రశ్నలోని వాదాన్నే తిప్పి రాసి మార్కులు తెచ్చుకోగలడు. కొత్త ప్రశ్నలో ఆ వెసులుబాటు లేదు. అంబేడ్కర్ 1945 పుస్తకంలో రెండో ఓటు పోవడం గురించి చేసిన విమర్శ, 1982లో కాన్షీరామ్ 'చంచా యుగం'లో చేసిన వాదన తెలిసిన విద్యార్థి దాన్ని (ఇ)లో వాడుకోగలడు. స్థానాలు పెరగడమే మేలని వాదించే విద్యార్థికీ అక్కడ చోటుంది.

ప్రశ్న మార్చి దిద్దడం మార్చకపోతే సగం పనే అవుతుంది. రెండు ఊహాజనిత జవాబులు చూడండి. ఒకటి: 'ఇన్ అవార్డ్ ఓన్లీ అవర్ పీపుల్ ఓటింగ్. ఇన్ ప్యాక్ట్ ఆల్ కాస్ట్ ఓటింగ్. సీట్స్ మోర్, బట్ లీడర్ ఫియర్ అదర్స్ ఓట్.' రెండోది తప్పుల్లేని ఇంగ్లీషులో నడిచి, ఒప్పందం సెపరేట్ ఎలక్టొరేట్లను రెట్టింపు చేసి జాతీయ ఐక్యతను కాపాడిందని ముగుస్తుంది. మొదటి విద్యార్థి వ్యాకరణం తప్పు, చరిత్ర సరైనది. గెలిచిన నాయకుడు ఎవరి ఓటుకు జవాబుదారీ అవుతాడన్న సంగతిని ఆఖరి వాక్యంలో పట్టేశాడు. రెండో విద్యార్థికి అసలు విషయమే తెలియదు. అలసిన పరీక్షకుడు రోజుకు డజన్ల పత్రాలు దిద్దుతూ రెండోదానికే ఎక్కువ వేసే అవకాశముంది. అందుకే దిద్దే సూచికను ముందే రాసుకోవాలి: ఓటు వేసేవారి తేడా చెబితే ఇన్ని మార్కులు, లాభనష్టాలకు ఇన్ని, కారణాలకు ఇన్ని. భాషకు మార్కులు ఉండాలనుకుంటే విడిగా, కొద్దిగా, ముందే చెప్పి వేయాలి. చరిత్ర మార్కుల్లోంచి చాటుగా కోయకూడదు.

మన సవరణ పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? పరీక్షకు ముందు తేలికైన పద్ధతి ఒకటుంది. ఆ పరీక్ష రాయని, అదే నేపథ్యమున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు ప్రశ్న ఇచ్చి, 'ఇది ఏం అడుగుతోందో తెలుగులో చెప్పు' అనాలి. జవాబు అడగొద్దు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ప్రశ్నను మళ్లీ రాయాలి. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే అంతర్గత పరీక్షలో సగం తరగతికి పాత రూపం, సగానికి కొత్త రూపం ఇవ్వాలి. కొత్త రూపంలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారి మార్కులు బాగా పెరిగి, మొదటి నుంచీ ఇంగ్లీషులో చదివినవారివి దాదాపు అలాగే ఉంటే, తొలగినది భాష అడ్డు. అందరివీ సమానంగా పెరిగితే ప్రశ్నే సులువైపోయిందని అర్థం. అందరివీ మారకపోతే లోపం బోధనలో ఉంది. ఒక్క తరగతిలో సంఖ్యలు చిన్నవి కాబట్టి ఒకసారి చూసి తీర్పు చెప్పకూడదు. రెండు మూడు పరీక్షల్లో అదే కనిపిస్తే నమ్మవచ్చు.

దీనికి హద్దులూ ఉన్నాయి. మూలపత్రాలను చదివే ప్రశ్నల్లో భాషే చరిత్రలో భాగం. 1932 నాటి పత్రంలోని వాక్యాన్ని మనం తిరగరాసి ఇస్తే అది ఇక ఆ పత్రం కాదు. అక్కడ మూలాన్ని అలాగే ఉంచి, కష్టమైన మాటలకు కింద అర్థాలిచ్చి, సమయం కొంత పెంచడమే దారి. అలాగే సరళమైన ప్రశ్న ఇంగ్లీషు నేర్పదు. ఆ పని తరగతి గదిదే, దాన్ని వదిలేయడానికి ఇది సాకు కాకూడదు.

ప్రమాణాలు పడిపోతాయన్న మాట తప్పక వస్తుంది. రిజర్వేషన్ మీద వచ్చిన మాటే ఇది, అదే గొంతు. ప్రమాణం 'నాట్‌విత్‌స్టాండింగ్' అన్న మాటలో లేదు. 71 కన్నా 148 ఎక్కువైనా, అది ఎందుకు తక్కువ కావచ్చో చెప్పగలగడంలో ఉంది. విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా మండళ్లు ప్రతి పేపరుకూ దిద్దే సూచికను ముందుగా రాయించాలి. ప్రశ్నలను అచ్చుకు పంపేముందు తెలుగు మాధ్యమం నుంచి వచ్చి, అదే కోర్సు పూర్తిచేసిన ఒకరి చేత చదివించాలి. దీనికి కొత్త నిధులేమీ అక్కర్లేదు.