చేశాడా, చేసాడా?

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన జ్ఞాపకాలను ఒకే పుస్తకంగా కూర్చే పని మా దగ్గరికి వచ్చింది. రాసినవారిలో అవనిగడ్డ వైపువాళ్ళున్నారు, బందరువాళ్ళున్నారు, గుడివాడవాళ్ళున్నారు. ఒకరు ‘శవాలను మోశారు’ అని రాస్తే మరొకరు ‘మోసారు’ అన్నారు. ఒకే వ్యాసంలో మొదటి పుట ‘చూశాం’ అంటే నాలుగో పుట ‘చూసాం’ అంది. రెండూ తెలుగులో చెల్లేవే. కలర్ అన్న మాటను బ్రిటిషువాళ్ళు ఓ అక్షరం ఎక్కువగా, అమెరికావాళ్ళు తక్కువగా రాసినట్టే, ఇక్కడా ఏది తప్పన్న పేచీ లేదు. ఒకే పుస్తకంలో రెండూ ఉంటే మాత్రం, చదివేవాడి కన్ను ఉప్పెనను వదిలి అక్షరం దగ్గర ఆగుతుంది.

మేం శకారాన్ని ఎంచుకున్నాం. ‘చేసినాడు’ కుదించుకుపోయినప్పుడు వెనకున్న ఇకారం సకారాన్ని మెత్తబరిచింది. అలా వచ్చిందే ‘చేశాడు’. అందుకే ఈ శకారం ఆకారం ముందే కనిపిస్తుంది. చేసి, చేసిన, చేసే, చేస్తాడు అన్నవి సకారంతోనే ఉంటాయి. మాకు ఇంకా గట్టి కారణం ‘వేసారు’ అన్న మాటలో దొరికింది. విసిగి వేసారడం అనే క్రియ ఉండనే ఉంది. సకారపు పద్ధతిలో పోతే ‘వలలు వేసారు’, ‘బతుకుతో వేసారు జనం’ అనేవి ఒక్క రూపంలో పడతాయి. శకారం వాడితే వేశారు వేరు, వేసారు వేరు.

నిర్ణయం సులువే. దాన్ని పుస్తకమంతటా అమలు చేయడం దగ్గరే చిక్కు వస్తుంది. కంప్యూటరులో ‘మోసా’ ఉన్న చోటల్లా ‘మోశా’ పెట్టమని ఒక్క ఆజ్ఞ ఇస్తే పని అయిపోతుందనిపిస్తుంది. కానీ సహాయనిధి గురించి రాసిన పేరాలో ‘మోసాలు’ అన్నది ‘మోశాలు’ అవుతుంది. ‘కోసా’ను మారిస్తే ‘ఒక్కోసారి’ కాస్తా ‘ఒక్కోశారి’గా తయారవుతుంది. ‘రాసా’ను మారిస్తే ‘నీళ్ళు రాసాగాయి’ చెడుతుంది. ‘పోసా’ను మారిస్తే పోసాని అన్న ఇంటిపేరు చెడుతుంది. ఇలాంటి తప్పును అక్షరదోషాలు దిద్దేవాళ్ళు కూడా తేలిగ్గా పట్టలేరు. రచయిత రాసిన తప్పు కాదు గనక దానికోసం ఎవరూ వెతకరు.

అందుకని ధాతువునూ ప్రత్యయాన్నీ కలిపి వెతకాలి: మోసాను, మోసావు, మోసాడు, మోసారు, మోసాం, మోసాయి, మోసాక. చేయు, వేయు, రాయు, తీయు, కోయు, పోయు, చూచు, ఇలా ఒక్కో క్రియకూ ఈ వరస మళ్ళీ నడవాలి. దొరికిన ప్రతిచోటా ఆగి, వాక్యం చదివి, అప్పుడు మార్చాలి. వేసారు దగ్గర మరీ జాగ్రత్త, అక్కడ మాట మొత్తం వెతికినా అర్థం చూడక తప్పదు. విసుగు పుట్టించే పనే. దీనికి దగ్గరి దారి నాకు కనబడలేదు.

ఉటంకింపులకు మాత్రం ఈ నియమం వర్తించకూడదు. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక నుంచి ఓ పేరా ఎత్తి రాస్తే, అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి, అరసున్నా బండిరా ఉంటే వాటితో సహా. గోర్డన్ మెకంజీ 1883 నాటి జిల్లా మాన్యువల్ పేరులో కృష్ణా ‘కిస్ట్నా’గా ఉంది, దాన్ని మనం సవరించడానికి లేదు. నోటిమాటగా చెప్పినవాటి సంగతి వేరు. నాగాయలంకలో ఓ పెద్దాయన చెప్పుకొచ్చిన కథలో ‘చూసాం’ అని ఉంటే, ఆ సకారం ఆయన నాలుకది కాకపోవచ్చు, విని రాసినవారి అలవాటు కావచ్చు. రికార్డింగు మళ్ళీ విని సకారమే వినిపిస్తే ఉంచాం. వినడానికి రికార్డింగు లేనిచోట మా పద్ధతికి మార్చాం.

ఇక ఊరిపేర్లు. బందరు, మచిలీపట్నం అన్నవి రెండు వర్ణక్రమాలు కావు, రెండు పేర్లు. ఎవరు ఏది అంటే అదే ఉంచాలి. మచిలీపట్నం, మచిలీపట్టణం మధ్యనే ఒకటి తేల్చుకోవాలి. మేం మొదటిది తీసుకున్నాం. ఘంటసాలను కొందరు ఘంటశాల అని రాశారు. క్రియల్లో శకారాన్ని నిలబెట్టిన మేం ఇక్కడ సకారం వైపే ఉన్నాం. ఊరివాళ్ళు రాసుకునే పేరు అది, గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన గాయకుడి ఇంటిపేరుగా లోకానికి తెలిసిందీ ఆ రూపమే. పదసూచిలో శ ముందు, స తరవాత వస్తాయి గనక రెండు రూపాలూ వదిలేస్తే ఒకే ఊరు రెండు చోట్ల పడుతుంది. మొదటి చోట చూసి ఆగిన పాఠకుడికి మిగతా పుటలు దొరకవు.

ఈ నిర్ణయాలన్నిటినీ కారణాలతో సహా ఒక కాగితం మీద రాసి, పుస్తకం చివర అచ్చువేస్తున్నాం. రెండో ముద్రణ ఎవరి చేతికి వెళ్ళినా, మొదట వాళ్ళు చూడాల్సింది ఆ కాగితమే.